ఏసీల ఏడాది కాంట్రాక్టు: గ్యాస్ సంగతి ముందే రాసుకోండి

ప్రశ్న: మాది రాయగడలో బట్టల దుకాణం. ఆరు స్ప్లిట్ ఏసీలున్నాయి. నాలుగు ఇన్వర్టర్‌వి, రెండు బాగా పాతవి. వారంటీలు అయిపోయాయి. పార్వతీపురం నుంచి వచ్చే మెకానిక్‌ గారికే ఏడాది కాంట్రాక్టు ఇద్దామనుకుంటున్నాను. మెట్ల దగ్గర ఏసీకి ఏటా గ్యాస్ నింపిస్తున్నా వేసవి దాటడం లేదు. ఆయనకు ఉత్తరం ఎలా రాయాలి?

జవాబు: ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది కాబట్టి, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలాసార్లు రాగి గొట్టాలను యూనిట్లకు బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర కారుతుంది. అక్కడ నూనె జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే అనుమానించవలసిందే. కాయిల్ మీద మంచు కట్టినంత మాత్రాన గ్యాస్ తగ్గిందని తేల్చకూడదు, ఎందుకంటే బట్టల దుకాణంలో నూలు పీచు ఫిల్టర్లకు పట్టి గాలి ఆడకపోయినా మంచు కడుతుంది. కాంట్రాక్టులో ‘గ్యాస్ సహా’ అని మాత్రమే రాసుకుంటే, లీకు ముట్టుకోకుండా పైపైన నింపి వెళ్లినా మీరు అడగడానికి ఉండదు. అందుకే పని చేయవలసిన క్రమాన్నే ఉత్తరంలో పెట్టాను.

“గౌరవనీయులైన కాంట్రాక్టరు గారికి నమస్కారాలు.

మా దుకాణంలోని ఆరు స్ప్లిట్ ఏసీల నిర్వహణను ఫిబ్రవరి 1 నుంచి ఏడాది కాలానికి మీకు అప్పగించాలని ప్రతిపాదిస్తున్నాను. ఒక్కొక్క ఏసీ మోడల్, సీరియల్ నంబరు, టన్నులు, గ్యాస్ రకం, బిగించిన సంవత్సరం, ఉన్న చోటు జతచేసిన పట్టికలో ఉన్నాయి. ఒప్పందానికి ముందు మీరు వచ్చి అన్నింటినీ మా ఎదుట పరీక్షించి, ఇప్పటికే ఉన్న లోపాలను రాసి ఇస్తే, దానిపై ఇద్దరం సంతకాలు చేద్దాము.

ఫిబ్రవరిలో, మే చివర, అక్టోబరులో రెండు వైపుల కాయిళ్లనూ ప్రెషర్ పంపుతో కడిగి, డ్రెయిన్ గొట్టం శుభ్రం చేసి, కరెంటు కనెక్షన్లు బిగించి, కంప్రెసర్ తీసుకునే ఆంపియర్లను, ఇండోర్ యూనిట్ పీల్చే గాలికీ వదిలే గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను సర్వీసు పుస్తకంలో నమోదు చేయగలరు. పదిహేను రోజులకు ఒకసారి ఫిల్టర్లు కడగడం మా సిబ్బంది బాధ్యత.

గ్యాస్ తగ్గిన పక్షంలో, ముందుగా నైట్రోజన్ పీడనంతోనూ సబ్బు నురగతోనూ లీకు కనుగొని సరిచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను తీసివేసి, ఆ తరువాతనే ఔట్‌డోర్ యూనిట్ పట్టీపై ముద్రించిన బరువు ప్రకారం తూచి గ్యాస్ ఎక్కించవలెను. సరిచేసిన చోటే ఆరు నెలల లోపు మళ్లీ కారితే ఉచితంగా బాగుచేయవలెను.

మార్చి నుంచి జూన్ వరకు ఫిర్యాదు చేసిన 24 గంటల్లోగా, మిగిలిన నెలల్లో 48 గంటల్లోగా రాగలరు. కూలి, రాకపోకల ఖర్చు కాంట్రాక్టు ధరలోనే కలిసి ఉండాలి. విడిభాగం మార్చేముందు ధర చెప్పి మా సమ్మతి తీసుకుని, పాత భాగాన్ని మాకు అప్పగించగలరు. ప్రతి సర్వీసు తరువాత మూడో వంతు చొప్పున చెల్లిస్తాము. విడిభాగాలు, గ్యాస్ కలిపి ఒక ధర, అవి లేకుండా ఒక ధర, జీఎస్టీ విడిగా చూపి తెలియజేయగలరు.

భవదీయుడు”

ఆ బరువు నియమాన్ని మీరే సరిచూసుకోవచ్చు. పట్టీ మీద 900 గ్రాములని ఉంటే, ఖాళీ చేసి నింపిన తరువాత గ్యాస్ సిలిండరు అంతకుముందుకన్నా సుమారు 900 గ్రాములు తగ్గి తూగాలి. గొట్టం పొడవు మరీ ఎక్కువైతే కంపెనీ చెప్పిన మేరకు కొంత అదనంగా పడుతుంది. ఏసీ సరిగా పనిచేస్తుంటే, పీల్చే గాలికీ వదిలే గాలికీ సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీని గది వేడిగా ఉన్నప్పుడు, పూర్తి వేగంతో నడుస్తుండగా కొలవమనండి.

రెండు ధరల్లో ఎక్కువ ధరదే మంచిదని అనుకోకండి. అన్నీ కలిపి అన్న కాంట్రాక్టుల్లో సైతం ఇన్వర్టర్ బోర్డును, ఓల్టేజీ వల్ల కాలిపోయిన భాగాలను పక్కన పెట్టడం మామూలే. ఆ రెండూ కలవకపోతే ఎక్కువ ధర ఇవ్వడం నాకైతే దండగ అనిపిస్తుంది. పాత రెండింటి పట్టీల మీద ఆర్22 అని ఉంటే వాటికి కూలి కాంట్రాక్టు చాలు. ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో ఆ గ్యాస్ వాడకం 2030 నాటికి దాదాపు ఆగిపోవాలి, కనుక వాటిపై పెద్ద ఖర్చు పెట్టకండి. మీ దుకాణం ఒడిశాలో ఉంది కనుక, ఆయన ఆంధ్రలో జీఎస్టీ నమోదు చేసుకున్నవారైతే బిల్లులో రాష్ట్రాల మధ్య లావాదేవీలకు పడే ఐజీఎస్టీ పడుతుంది. మీకూ నమోదు ఉంటే మీ నంబరు వేయించుకోండి.

మెట్ల దగ్గర ఏసీ లీకును మొదటి పరీక్షలోనే రాయించి, కాంట్రాక్టు మొదలుకాకముందే విడి బిల్లుతో బాగుచేయించండి. లేదంటే అది పాత లోపమా కొత్తదా అన్న వాదన మొదటి ఫిర్యాదుతోనే వస్తుంది. కారుతున్నది నట్టు కాక ఇండోర్ కాయిలే అని తేలితే, అతుకు వేయించవద్దు, కాయిల్ మార్పించండి.