1,200 అడుగుల ఫ్లాట్‌లో మీ ఇంటి లోపలికి వచ్చేది ఎంత?

ప్రశ్న: కరకంబాడి రోడ్డు వైపు ఇంకా కడుతున్న ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు ఐదు ఫ్లాట్లు. ప్రకటన స్క్రీన్‌షాట్‌లో కార్పెట్ 828, బిల్టప్ 920, సూపర్ 1,200 చదరపు అడుగులని వేశారు. అడుగుకు 3,600 చొప్పున 43.20 లక్షలు, కార్ పార్కింగ్‌కు 2 లక్షలు, ఎమినిటీస్‌కు లక్షన్నర అడుగుతున్నారు. గదుల కొలతలున్న ప్లాన్ కూడా పంపుతున్నాను. ఈ మూడింటిలో మాకు నిజంగా వచ్చేది ఏది? ఇల్లు కొనడం మాకిదే మొదటిసారి.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తలుపు వేసుకుంటే మీ సొంతానికి మిగిలేది కార్పెట్ ఏరియా. మూడింటిలో చట్టం నిర్వచించిందీ అదొక్కటే. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా చట్టం ప్రకారం ఫ్లాట్ లోపల వాడుకోగలిగిన నేల, గదుల మధ్య గోడలు ఇందులోకి వస్తాయి. బయటి గోడలు, పైపులు దిగే షాఫ్టులు, మీ ఫ్లాట్‌కే చెందిన బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ రావు. బాల్కనీ మీదే అయినా దాని కొలత విడిగా చూపాలి.

ఈ నిర్వచనం పెట్టుకుని మీ ప్లాన్‌ను లెక్కేశాను. హాలు, డైనింగ్ కలిపి 20×11, అంటే 220 అడుగులు. పెద్ద బెడ్‌రూమ్ 14×11, అది 154. చిన్నది 12×11, అది 132. వంటగది 80. రెండు బాత్‌రూమ్‌లు 8×5 చొప్పున కలిపి 80. పూజగది 20, మధ్యలో నడవా 32. అన్నీ కలిపితే 718. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడల పొడవు మొత్తం సుమారు 80 అడుగులుంది. అవి తీసుకునే చోటు 30 చదరపు అడుగులు. అంటే చట్టం చెప్పే కార్పెట్ ఏరియా 748 అడుగులే.

మరి ప్రకటనలో 828 ఎలా వచ్చింది? హాలు ముందు బాల్కనీ 12×4, అంటే 48. వంటగది వెనక గిన్నెలు తోముకునే యుటిలిటీ 8×4, అంటే 32. రెండూ కలిపితే 80. వాటిని కూడా కార్పెట్‌లో వేసేశారు. కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సూపర్ ఏరియా పెంచి చెబుతారని అందరూ విని ఉంటారు గానీ, కార్పెట్ అని రాసిన అంకెను మాత్రం ఎవరూ అనుమానించరు. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో తేల్చుకోగలిగిన లెక్క ఇది. ఏ ఫ్లాట్ చూసినా గదుల కొలతలున్న ప్లాన్ అడిగి ఇలాగే కూడి చూడండి. ప్లాన్‌లో వేసేది చాలాసార్లు ఇటుక నుంచి ఇటుకకు ఉన్న కొలత. ప్లాస్టరింగ్ అయ్యాక ప్రతి గదీ అటూ ఇటూ ఒక అంగుళం దాకా తగ్గుతుంది. ఆ కాస్త తేడా మామూలే.

బిల్టప్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 828కి బయటి గోడలు కలిపితే 920. ఫ్లాట్ చుట్టుకొలత 122 అడుగులు, గోడ మందం తొమ్మిది అంగుళాలు అనుకుంటే 92 చదరపు అడుగులు వస్తుంది. పక్క ఫ్లాట్‌తో ఉమ్మడిగా ఉన్న గోడలో సగమే మీ లెక్కలోకి రావాలి కాబట్టి ఇది కొంచెం ఎక్కువే. అయినా పదీ ఇరవై అడుగుల మాట, దీని మీద పేచీ పెట్టుకోనక్కర్లేదు.

అసలు అడగాల్సింది 920 నుంచి 1,200కు మధ్య ఉన్న 280 అడుగుల గురించి. మెట్లు, లిఫ్టు, కారిడార్, కింద ఎంట్రన్స్, వాచ్‌మన్ గది లాంటి ఉమ్మడి స్థలాల్లో మీ వాటా అని చెబుతారు. దీన్ని ఎలా కొలవాలో చట్టంలో లేదు. బిల్డర్ ఎంత అంటే అంత. అందుకే మనమే కొలవాలి. మీ అంతస్తు ప్లాన్‌లో కారిడార్ 60×5, అంటే 300 అడుగులు. మెట్లకు సుమారు 160, లిఫ్టుకూ దాని ముందున్న చోటుకూ 140. అంతస్తుకు 600 చొప్పున ఐదంతస్తులకు 3,000. ఎంట్రన్స్, వాచ్‌మన్ గది, కరెంటు మీటర్ల గది, పైన లిఫ్టు గది కలిపి ఇంకో 700 వేసుకుందాం. మొత్తం 3,700ని 25 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి 148 అడుగులు. మీ దగ్గర వసూలు చేస్తున్నది 280కి.

మిగతా 132 అడుగులు ఎక్కడివని బిల్డర్‌ను సూటిగా అడగండి. ఇలాంటి తేడాకు మామూలుగా రెండు కారణాలుంటాయి. స్టిల్ట్‌లోని పార్కింగ్ స్థలాన్ని కూడా ఉమ్మడి ఏరియాలో కలిపి ఉండొచ్చు. అలా అయితే పార్కింగ్‌కు మళ్లీ విడిగా 2 లక్షలు ఎందుకని నిలదీయాలి, ఒకే చోటుకు రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది. లేదా కొలత ఏదీ లేకుండా బిల్టప్ మీద 30 శాతం వేసేసి ఉండొచ్చు. 920కి 30 శాతం అంటే 276, మొత్తాన్ని రౌండ్ చేసి 1,200 వేసినట్టే కనిపిస్తోంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. స్టిల్ట్ కింద కాకుండా ఆరుబయట ఉండే పార్కింగ్‌ను రెరా చట్టం ఉమ్మడి స్థలంగానే చూస్తుంది, దాన్ని విడిగా అమ్మడానికి లేదు. మీకు చూపిస్తున్న పార్కింగ్ ఎక్కడో వెళ్లి చూసి రండి.

ధర విషయానికొస్తే, అడుగు 3,600 అనే మాటను పక్కన పెట్టండి. మీరు కట్టేది మొత్తం 46.70 లక్షలు, లోపల దక్కేది 748 అడుగులు. అంటే కార్పెట్ అడుగుకు సుమారు 6,240 రూపాయలు పడుతోంది. అదే రోడ్డులో ఇంకొకరు అడుగు 4,000 అని చెబితే ఖరీదని వదిలేస్తాం. కానీ అక్కడ సూపర్ 1,080, కార్పెట్ 760 అయితే మూల ధర అదే 43.20 లక్షలు, లోపల మాత్రం 12 అడుగులు ఎక్కువ వస్తుంది. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు మొత్తం ధరను కార్పెట్‌తో భాగించి చూడడం తప్ప ఇంకో దారి లేదు.

మీ బేరంలో ఇంకో పెద్ద మొత్తం జీఎస్టీ దగ్గర ఉంది. కడుతున్న ఫ్లాట్ కొంటే జీఎస్టీ పడుతుంది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే పడదు. కడుతున్నవాటిలో అఫర్డబుల్ కిందికి వచ్చే ఫ్లాట్‌కు 1 శాతం, మిగతావాటికి 5 శాతం. అఫర్డబుల్ కావాలంటే తిరుపతి లాంటి మెట్రో కాని ఊళ్లలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, అంటే దాదాపు 968 అడుగులు మించకూడదు. మొత్తం ధర 45 లక్షలు దాటకూడదు. విస్తీర్ణంతో మీకు ఇబ్బంది లేదు. ధర దగ్గరే చిక్కు. 43.20 లక్షలే కదా, 1 శాతం పడుతుందని బిల్డర్ మనిషి చెప్పినా నమ్మకండి. పార్కింగ్, ఎమినిటీస్, కార్నర్ ఫ్లాటనో తూర్పు ముఖమనో అదనంగా తీసుకునేవీ అన్నీ ఆ 45 లక్షల్లోనే లెక్క. మీ మొత్తం 46.70 కాబట్టి 5 శాతం, అంటే 2,33,500 రూపాయలు కట్టాలి.

ఇదే ధరను 45 లక్షలకు దించగలిగితే జీఎస్టీ 45,000 మాత్రమే. బిల్డర్ వదులుకునేది 1.70 లక్షలు, మీకు మిగిలేది 3,58,500. కాబట్టి ఇక్కడ గట్టిగా బేరమాడండి. పైన చెప్పిన 132 అడుగుల లెక్క మీ చేతిలో ఉంది. వాటి ఖరీదే 3,600 చొప్పున 4.75 లక్షలవుతుంది. అయితే పార్కింగ్ డబ్బు నగదుగా ఇచ్చేయండి, కాగితం మీద 45 లోపే చూపిస్తాం అంటే ఒప్పుకోకండి. అది పన్ను ఎగవేత అవుతుంది. ఆ డబ్బుకు రసీదు ఉండదు, లోన్‌లోనూ చూపించుకోలేరు.

అడ్వాన్స్ ఇచ్చేముందు rera.ap.gov.in లో ఈ ప్రాజెక్టును తెరిచి చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టేదైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నదైనా రిజిస్టర్ కావాల్సిందే. మీరు చూస్తున్నదాంట్లో 25 ఉన్నాయి. ప్రకటనలోనే ఆ నంబరు ఉండాలి, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో నాకు కనిపించలేదు. నంబరు అడిగి తీసుకోండి. బిల్డర్ రెరాకు ఇచ్చిన వివరాల్లో ఒక్కో రకం ఫ్లాట్ కార్పెట్ ఏరియా, బాల్కనీ ఏరియా విడివిడిగా ఉంటాయి. అక్కడ 748 దగ్గర్లో ఉండి ప్రకటనలో 828 ఉంటే ఆ రెండు పేజీలూ ప్రింట్ తీసి బేరానికి తీసుకెళ్లండి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి నష్టపోతే పరిహారం అడిగే హక్కు చట్టం ఇచ్చింది, కాబట్టి ఆ స్క్రీన్‌షాట్‌ను తేదీతో సహా దాచుకోండి. రిజిస్ట్రేషనే లేదంటే అక్కడితో వదిలేయండి.

ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే అధికారం బిల్డర్‌కు లేదు. మీ విషయంలో అది 4.67 లక్షలు. ఒప్పందంలో కార్పెట్ ఎంత, బాల్కనీ, యుటిలిటీ ఎంత అన్నది విడివిడిగా, చదరపు మీటర్లలోనూ అడుగుల్లోనూ రాయించండి. కట్టడం పూర్తయ్యాక మళ్లీ కొలిచి, కార్పెట్ తగ్గితే ఆ మేరకు డబ్బు వడ్డీతో 45 రోజుల్లో వెనక్కివ్వాలనీ, పెరిగితే 3 శాతానికి మించి అడగకూడదనీ షరతు ఉండాలి. ఆ షరతు కార్పెట్ ఏరియాకే వర్తించాలి. సూపర్ ఏరియా అని రాసి ఉంటే సంతకం పెట్టకండి.

స్క్రీన్‌షాట్‌లో లేని నాలుగో అంకె ఒకటుంది, స్థలంలో మీ అవిభాజ్య వాటా. బిల్డింగ్ పాతబడి పడగొట్టే రోజు వస్తే మీకు మిగిలేది అదే. ఉదాహరణకు స్థలం 900 గజాలైతే 25 ఫ్లాట్లకు సమంగా 36 గజాల చొప్పున వస్తుంది. అంటే 324 అడుగులు, మన తిరుపతి లెక్కలో తొమ్మిది అంకణాలు. నెల్లూరు వైపు అంకణం 72 అడుగులు, ఇక్కడ 36. కాబట్టి అంకణాల్లో చెబితే సరిపెట్టుకోకుండా గజాల్లో రాయించుకోండి. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోతున్నాయో లేదో కూడా చూడండి. స్థలం యజమానికో బిల్డర్‌కో కొంత అట్టిపెట్టుకుని మిగతాదే పంచే పద్ధతి కొన్నిచోట్ల ఉంది.