సోలార్ పెట్టినా బిల్లు తగ్గలేదా? ముందు తీసివేత ఎక్కడ జరిగిందో చూడండి

ప్రశ్న: మాది చీపురుపల్లి. రిటైర్డ్ టీచర్ని. లోన్ తీసుకుని ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. ఇన్వర్టర్ యాప్‌లో పోయిన నెల 310 యూనిట్లు తయారైనట్టు ఉంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్ 180 మాత్రమే. ఇంపోర్ట్ 230. ఎనర్జీ ఛార్జీలే రూ.1,060.75, మొత్తం బిల్లు 1,200 దాటింది. ఈఎంఐ 1,450 దీనికి అదనం. అంతా కలిపితే సోలార్ లేనప్పటి కంటే ఎక్కువే అవుతోంది. 130 యూనిట్లు ఎక్కడికి పోయాయి?

జవాబు: మాస్టారూ, ఆ 130 యూనిట్లు ఎక్కడికీ పోలేదు, మీ ఇంట్లోనే ఖర్చయ్యాయి. ప్యానెళ్ల కరెంటు ముందు ఇంట్లో తిరుగుతున్న ఫ్యాన్‌కీ ఫ్రిజ్‌కీ మోటారుకీ వెళ్తుంది. మిగిలిందే మీటరు దాటి లైన్లోకి పోయి ఎక్స్‌పోర్ట్ కింద పడుతుంది. లైన్లోంచి మీరు తీసుకున్నది ఇంపోర్ట్. ఇంట్లో వాడేసింది నెట్ మీటరుకు కనిపించదు. యాప్ లెక్క, బిల్లు లెక్క ఒకటి కాకపోవడం సహజమే.

ఆ మూడు అంకెలతో ఒక సరిచూపు చేసుకోవచ్చు. 310లోంచి 180 తీసేస్తే 130, దానికి ఇంపోర్ట్ 230 కలిపితే 360. ఆ నెల మీ ఇంటి అసలు వాడకం ఇదే. నిరుడు ఇదే నెల బిల్లు తీసి చూడండి. దానికి దగ్గరగా ఉంటే మీటరు బాగానే ఉన్నట్టు. యాప్ ఒకటో తేదీ నుంచి లెక్కేస్తుంది, బిల్లు రీడింగ్ తీసిన రోజు నుంచి లెక్కేస్తుంది కాబట్టి పది, ఇరవై యూనిట్ల తేడా పట్టించుకోవద్దు.

తప్పు ఎక్కడుందో మీరు రాసిన రూ.1,060.75 చెబుతోంది. మన ఆంధ్రప్రదేశ్ గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57 రూపాయలు, తర్వాతి 45 మూడేసి రూపాయల చొప్పున 135, ఆ పై 50 నాలుగున్నర చొప్పున 225, తర్వాతి 100 ఆరేసి చొప్పున 600, మిగిలిన 5 యూనిట్లు 8.75 చొప్పున 43.75. కూడితే పైసలతో సహా మీ బిల్లే! అంటే మొత్తం 230 యూనిట్లకూ డబ్బు వేశారు. ఎక్స్‌పోర్ట్ 180 కాగితం మీద అచ్చయింది గానీ లెక్కలోకి రాలేదు.

నెట్ మీటరింగ్‌లో ముందు యూనిట్లలోంచి యూనిట్లు తీసేయాలి. 230లో 180 పోతే 50. ఆ 50కే శ్లాబులు: 30 యూనిట్లకు 57, 20 యూనిట్లకు 60, మొత్తం 117 రూపాయలు. తేడా రూ.943.75. తీసివేత యూనిట్లలో జరగాలని పట్టుబట్టేది ఇందుకే. పైన ఆరు రూపాయల శ్లాబులో, 8.75 శ్లాబులో పడే యూనిట్లే ముందు ఎగిరిపోతాయి. మీ సోలార్ లాభంలో పెద్ద భాగం అక్కడే ఉంది.

ఇలా జరగడానికి మామూలుగా కారణం, మీటరు మార్చినా బిల్లింగ్ కంప్యూటర్లో మీ సర్వీసు నెట్ మీటరింగ్ కిందకి మారకపోవడం. ఫిర్యాదుకు ముందు మీటరు మీద రీడింగ్ మీరే చూసుకోండి. స్క్రీన్ మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. kWh అని ఉన్నవే తీసుకోండి, kVAh వద్దు. ఇంపోర్ట్ ఒకటి, ఎక్స్‌పోర్ట్ ఒకటి. కొన్ని మీటర్లలో వీటికి 1.8.0, 2.8.0 అనే నంబర్లు కనిపిస్తాయి. రీడింగ్ తీసిన రోజే రెండూ ఫొటో తీసుకుంటే తర్వాత వాదన ఉండదు.

మీటరు మీదే అనుమానం ఉంటే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఇంట్లో ఏసీ, మోటారు, ఫ్యాన్లు అన్నీ ఆపేసి ఒక గంట చూడండి. ఎక్స్‌పోర్ట్ పెరగాలి, ఇంపోర్ట్ కదలకూడదు. ఇంపోర్ట్ పెరుగుతుంటే బయటికి పోయే కరెంటును కూడా వాడకం కింద కలుపుతోందన్నమాట. మెయిన్ మాత్రం ఆపకండి. లైన్లో కరెంటు లేకపోతే ఇన్వర్టరూ ఆగిపోతుంది, పరీక్ష కుదరదు.

ఫొటోలు, బిల్లు, నెట్ మీటరింగ్ ఒప్పందం కాపీ పట్టుకుని మీ సెక్షన్ ఏఈ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి. ‘బిల్లు ఎక్కువ వచ్చింది’ అని రాస్తే ఏమీ కదలదు. ‘నెట్ 50 యూనిట్లకు వేయాల్సింది 230కి వేశారు, రూ.943.75 సర్దుబాటు చేయండి, పాత నెలలూ చూడండి’ అని రాయండి. ఈలోగా బిల్లు కట్టేయండి. కనెక్షన్ తీసేస్తారన్న టెన్షన్ ఎందుకు, సవరించాక తర్వాతి బిల్లులో తగ్గిస్తారు. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది.

‘బిల్లు జీరో’ అని అమ్మినవాళ్లు చెప్పి ఉంటారు, అది నమ్మకండి. ఎక్స్‌పోర్ట్ ఎక్కువైన నెలలో మిగిలిన యూనిట్లు ముందుకు జమ అవుతాయి గానీ, కిలోవాటుకు పది రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ ఎటూ పడుతుంది. జమ అయిన యూనిట్లు తర్వాతి నెల బిల్లులోకి వచ్చాయో లేదో కూడా చూసుకోండి.

ఇక ఈఎంఐ సంగతి. సోలార్ లేకుంటే 360 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలే రూ.2,198 అయ్యేవి. బిల్లు సరిగ్గా వేస్తే 117. అంటే నెలకు సుమారు 2,080 ఆదా, ఈఎంఐ కట్టాక కూడా 600 పైన మిగులుతుంది. లోన్ ముందే తీర్చేయడానికి పెన్షన్ డబ్బు, డిపాజిట్లు కదపాల్సిన పని లేదు.