భోజనాల దగ్గర సైన్సు ప్రశ్నలు: కంద వేరా, కాండమా?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. రాత్రి అన్నం తినేటప్పుడు అడుగుదామని సైన్సు పాఠంలోంచి ప్రశ్నలు చిన్న చీటీల మీద రాస్తున్నాను. చీటీలో ఉన్నది ఉన్నట్టు అడిగితే గడగడా చెప్పేస్తాడు. మాట కాస్త మార్చితే తెల్లమొహం వేస్తాడు. చీటీలు ఎలా రాస్తే బాగుంటుంది?

జవాబు: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నేనూ పాత శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి, ఒకవైపు ప్రశ్న, వెనుక జవాబు రాసుకునేదాన్ని. మొదటి నెలంతా మీరు చెప్పినట్టే జరిగింది. తప్పు పిల్లది కాదు, నా చీటీలది. అది తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

మొక్క భాగాల పాఠంలో మనం వేర్లుగా తినేవి, కాండాలుగా తినేవి, ఆకులుగా తినేవి అని ఒక పట్టిక ఉంటుంది కదా. నేను దాన్ని అలాగే చీటీల మీదకు దించేశాను. ‘అల్లం?’ అంటే ‘కాండం’. ‘క్యారెట్?’ అంటే ‘వేరు’. పన్నెండు చీటీలకూ పాప తడుముకోకుండా చెప్పింది. ఆ రాత్రి కంచంలో కంద బచ్చలి కూర ఉంది. చీటీలో లేకపోయినా ఊరికే అడిగాను, కంద ఏ భాగమని. ‘వేరు, నేలలో ఉంటుందిగా’ అంది. అంటే అల్లం, బంగాళాదుంప కాండాలని ఆమెకు తెలియదు. అల్లం అనే మాట పక్కన కాండం అనే మాట వస్తుందని మాత్రమే తెలుసు.

మీ బాబు విషయంలో కూడా ముందు ఇది కనిపెట్టండి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేస్తుంటే, ఆ చీటీలో మొదటి మాటే జవాబును గుర్తుచేస్తోందని అర్థం. దాన్ని తిప్పి అడిగి చూడండి. ‘అల్లం ఏ భాగం?’ అని కాకుండా ‘నేలలో పెరిగే కాండం ఒకటి చెప్పు’ అనండి. ఆ తరువాత పాఠంలో లేని కూర ఒకటి ఇచ్చి అడగండి. ఈ రెండింటిలో ఏది తప్పినా చీటీని తిరగరాయాల్సిందే.

నేను తిరగరాసినప్పుడు పట్టికను పక్కనపెట్టి, ఒక భాగం కాండమని దేన్నిబట్టి చెబుతారు అన్న దగ్గర మొదలుపెట్టాను. కాండానికి కణుపులుంటాయి, కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది. బంగాళాదుంప మీద మనం కళ్లు అనే గుంటలు అవే. అల్లం కొమ్ము మీద అడ్డంగా కనబడే గీతలూ కణుపులే. క్యారెట్‌కు ఒంటి మీద అలాంటివి ఉండవు. ఆకులు పైనున్న తల దగ్గర నుంచే వస్తాయి, ఒంటి మీద సన్నని పీచువేర్లు మాత్రం ఉంటాయి. అందుకని ఒక పెద్ద ప్రశ్నకు బదులు మూడు చిన్న చీటీలు రాశాను. మొదటిది: ‘బంగాళాదుంప మీద గుంటల్లోంచి ఏమి వస్తుంది?’ రెండోది: ‘క్యారెట్‌కు ఆకులు ఎక్కడి నుంచి వస్తాయి?’ మూడోది: ‘నేలలోంచి తీసిన దుంప వేరో కాండమో తెలుసుకోవాలంటే దాని మీద ఏమి వెతుకుతావు?’ మూడోదానికి ‘కళ్లు’ అన్నా, ‘కణుపులు’ అన్నా, ‘మొలక వచ్చే చోట్లు’ అన్నా ఒప్పుకోవాలని వెనుక రాసుకున్నాను. ఈ సంగతి వెనుక లేకపోతే, పుస్తకంలోని మాటే రావాలని మనం పట్టుబడతాం. పిల్లలు మళ్లీ బట్టీలో పడతారు.

మూడో చీటీ వచ్చిన రాత్రి మామయ్యగారు పెరట్లోంచి కంద దుంప ఒకటి తెచ్చి కంచాల పక్కన పెట్టారు. కొబ్బరిచెట్ల మధ్య ఏటా కంద వేస్తారాయన. ‘ఇదిగో తల్లీ, విత్తనానికి కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడినెత్తి మీది ఈ మొలకలో కాస్త వచ్చేట్టు కోస్తాం’ అని పాప వేలు పట్టుకుని ఆ బొడిపె మీద పెట్టారు. దుంప చుట్టూ వలయాల్లాంటి గీతలున్నాయి. పాప వాటి మీద గోటితో గీసుకుంటూ వెళ్లి, ‘ఇవి అల్లం మీది గీతల్లాంటివేనా?’ అంది. అవును, అవీ కణుపుల గుర్తులే. కంద కూడా కాండమే. ఇది ఇక ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది.

ఒకచోట మాత్రం జాగ్రత్త. ‘మొలకెత్తితే కాండం’ అని సులువు సూత్రం నేర్పకండి. చిలగడదుంప వేరు, అయినా నీళ్లలో పెడితే దాని మీద కూడా మొలకలు వస్తాయి. కానీ అక్కడ కణుపులు ఉండవు. కాబట్టి మొలక వచ్చిందా అన్నది కాదు, కణుపులున్నాయా అన్నది చూడమనాలి. ఉల్లిపాయను ఈ చీటీల్లో అసలు కలపలేదు. దాని పొరలు ఆకుల అడుగుభాగాలు, కాండం అడుగున వేర్లు పుట్టే గట్టి బిళ్ల. వేరుకూ కాండానికీ తేడా కుదిరిన వారం తరువాత అది విడిగా అడిగితే బాగుంటుంది.

ఇక నోటితో అడిగే ప్రశ్న చెవికి అందాలి. పుస్తకం చివర ఉండే ‘జతపరచండి’, ‘కింది వాటిలో భిన్నమైనది’ అనేవి కాగితం చూస్తేనే కుదురుతాయి. నాలుగు పేర్లు వినిపిస్తే నాలుగోది వినేసరికి పిల్లలు మొదటిది మరిచిపోతారు. రెండింటికి మించి ఎంపికలు ఇవ్వకండి. రెండే ఇస్తే ఊహించి చెప్పినా సగం సార్లు సరిపోతుంది కనుక, వెంటనే ‘ఎలా తెలుసు?’ అని అడగండి. ఆ ప్రశ్న ముద్ద మింగాకే. నోట్లో ముద్ద ఉండగా నేను వివరణ అడిగిన రోజుల్లో పాప నమలకుండా మింగేది. అది చూసి అప్పటికప్పుడు మానేశాను.

రాత్రికి ఐదు చీటీలు చాలు. మావి మూడు కట్టలు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది ఆదివారం. సరిగ్గా చెప్పిన చీటీ తరువాతి కట్టలోకి వెళుతుంది, తప్పినది ఎక్కడున్నా మొదటి కట్టకు తిరిగివస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి ఇదే. పెట్టెలు మా వంటింట్లో ఇమడవు కాబట్టి కట్టలు చేసుకున్నాం. వరుసగా మూడుసార్లు తప్పిన చీటీని నాలుగోసారి అడగను, తిరగరాస్తాను. చాలావరకు అందులో ఒకటికి బదులు రెండు విషయాలు ఇరికించి ఉంటాను.

ఐదో చీటీ పాపదే. ఆమె రాస్తుంది, మేము చెప్పాలి. మొన్న మామయ్యగారు మొలకెత్తిన కొబ్బరికాయ పగలగొట్టి లోపలి కొబ్బరి పువ్వు అందరికీ పంచారు. ఆ రాత్రి చీటీ ఇది: ‘కొబ్బరి పువ్వు పువ్వేనా? ఎలా తెలుసు?’ మామయ్యగారు పువ్వే అన్నారు. మా ఆయన కొబ్బరి ముక్కే మెత్తబడిందేమో అన్నారు. పాప వెనక్కి తిప్పి చదివింది: ‘కాదు. చెట్టు మీద పువ్వు వేరే ఉంది. ఇది మొలకలో భాగం. లోపలి కొబ్బరిని పీల్చుకుని మొలకకు పెడుతుంది.’ మామయ్యగారు ఆ చీటీని తప్పు చెప్పినవారి కట్టలో, అంటే తన పేరు మీద, మొదటి కట్టలో పెట్టమన్నారు.