బల్లకు జాంగ్, కుర్చీకి బా

"బల్ల, కుర్చీ రెండూ ఇంటి సామానే. చైనా మాండరిన్ భాషలో వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు అంకెకూ నామవాచకానికీ మధ్య ఒక కొలత పదం వస్తుంది కదా, అది ఒకదానికి జాంగ్, ఇంకోదానికి బా ఎందుకు?"

వస్తువు ఏ గదిలో ఉంటుందన్నది పక్కన పెట్టి, దానిలో ఏ భాగం ముఖ్యమో చూడండి. బల్లకు పరుచుకున్న పైభాగమే ప్రధానం. అందుకే కాగితం, టికెట్టు, మంచంలాగే దానికీ జాంగ్. కుర్చీని వెనుక భాగం పట్టుకుని జరుపుతాం. కత్తి, గొడుగు, కత్తెరలాగే చేతికి పట్టు దొరికేది కాబట్టి బా.

పొడవైనవాటిలోనే అసలు చిక్కు. నది, దారి, చేప, ప్యాంటు వంటివాటికి థియావ్ వాడతారు, ఎక్కువగా వంపు తిరిగేవి. కలం, పెన్సిల్ బిరుసుగా ఉంటాయి కనుక వాటికి జి.

ఏదీ తోచకపోతే 'గ' అనండి, అర్థమవుతుంది. కానీ కాగితానికి 'గ' వాడితే వినేవారికి వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. కొన్ని జతలు ఆకారానికి లొంగవు, వాటిని నామవాచకంతో కలిపే గుర్తుపెట్టుకోవాలి.