ఏడు గీతల చీటీ

అమ్మాయీ,

నీ కథ చదివాను. సాయంత్రం రద్దీ, కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డ జనం, వాళ్ల మధ్యలోంచి చీటీ చాపిన పెద్దావిడ చెయ్యి, ఇవన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఆ తర్వాత నీ ఫార్మసిస్టు చీటీ చూసి, చిరునవ్వు నవ్వి, వెనక అరలోంచి ఒక స్ట్రిప్ తీసి ఇచ్చేస్తాడు. ఆవిడ దండం పెట్టి వెళ్లిపోతుంది. ఒక్క అక్షరమైనా లేని చీటీ చూసి ఊహించి మందిచ్చేవాణ్ణి చూస్తే నాకు భయం వేస్తుంది. అతని మంచితనమంతా ఆవిణ్ణి అడిగే తీరులో కనిపించాలి. కథను ఆ ప్రశ్నల మీదే నడిపించు.

ముందు చీటీ సంగతి చూద్దాం. "ఏవో గీతలు, సున్నాలు" అని రాసి వదిలేశావు. పాఠకుడికి చీటీ కనబడాలి, అతను కూడా దాన్ని చదవడానికి ప్రయత్నించి పొరబడాలి. నేనైతే ఇలా గీయిస్తాను. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం. దాని మీద వరసగా ఏడు నిలువు గీతలు. మొదటి గీత చుట్టూ ఒక సున్నా. రెండో గీత కింద ఒక చుక్క. మిగతా అయిదు గీతల దగ్గర ఏమీ లేదు. అంతే.

షాపులో కుర్రాడు అది చూసి, ఏడు రోజులకు ఏడు మాత్రలు, సున్నా చుట్టింది ఇవాళ వేసుకున్నది, ఇంకా ఆరు కావాలి అనుకుంటాడు. పాఠకుడూ అలాగే అనుకుంటాడు. రోజూ మాత్ర వేసుకునేవాళ్లనే చూసినవాళ్లకు మరోలా తట్టదు. అయితే ఈ మందు రోజూ వేసుకునేది కాదు, వారానికి ఒక్క రోజే వేసుకునేది. పేరు మెథోట్రెక్సేట్. ఎక్కువ మోతాదులో క్యాన్సర్‌కు వాడే ఈ మందునే, తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి కీళ్లవాతానికి ఇస్తారు. దాని ఇబ్బందులు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, చాలామంది డాక్టర్లు దాన్ని వేరే రోజు వేసుకోమంటారు. చీటీలో సున్నా అంటే మెథోట్రెక్సేట్, చుక్క అంటే ఫోలిక్ యాసిడ్. వారం మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి పొరపాట్లు చాలా దేశాల్లో జరిగాయి, మనుషులు పోయారు కూడా. ఈ చీటీని కుర్రాడు చదివినట్టు చదివితే జరిగేది అదే. నీ కథకు టెన్షన్ ఇక్కణ్ణుంచే రావాలి.

ఇక ఫార్మసిస్టు అడగడం. "ఇది షుగర్ మందేనా పెద్దమ్మా?" అని అడిగించకు. రద్దీలో బెదురుగా నిలబడ్డ మనిషి దేన్నడిగినా అవునంటుంది, ఆ అవునుకు విలువ లేదు. ఆవిడ సొంతంగా నోరు విప్పే ప్రశ్న కావాలి. "ఈ చీటీ ఎవరు గీశారు పెద్దమ్మా?" అంటే, "నా బిడ్డ గీసిచ్చింది, నాకు చదువు రాదు గదా" అంటుంది. "ఈ మొదటి గీత ఏ రోజు?" అంటే, "సంత రోజు" అంటుంది. ఈ ఒక్క జవాబుతో అతనికి సగం తెలుస్తుంది. గీతలు మాత్రలు కావు, రోజులు. ఆవిడ వారం ఆదివారంతో మొదలవదు, సంతతో మొదలవుతుంది. పల్లెలో సంత రోజును ఎవరూ మరిచిపోరు కాబట్టి కూతురు మందును దానికి ముడిపెట్టింది. ఆ అమ్మాయి తెలివి గురించి ఒక్క ముక్క కూడా రాయకు, పాఠకుడే కనిపెడతాడు.

ఈలోగా అతని చూపు ఆవిడ చేతుల మీద పడాలి. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. కొంగుముడి విప్పడానికి గోళ్లు పని చెయ్యక పంటితో లాగుతుంది. కీళ్లవాతం అన్న మాట అక్కడ రాయనక్కర్లేదు. "పొద్దున లేవగానే పిడికిలి పడుతుందా?" అని అడిగిస్తే చాలు.

ఆ కొంగుముడిలో ఏముందో నీ కథలో లేదు. నా లెక్కన అందులో ఒక చిన్న కాగితం పొట్లం, పొట్లంలో కొన్ని పసుపు మాత్రలు. ఆవిడ వచ్చింది మందు కొనడానికి కాదు. స్ట్రిప్ పట్టుకుని మాత్ర పైకి నొక్కడానికి వేళ్లు సహకరించక, కూతురు ఊరెళ్లే ముందు అన్నీ విప్పించుకుని రెండు పొట్లాలు కట్టించుకుంది. ఒక పొట్లం చిరిగి రెండూ కలిసిపోయాయి. రెండూ చిన్నవే, రెండూ పసుపే. ఏది సున్నా, ఏది చుక్క? ఆవిడకు కావాల్సింది ఈ ఒక్క జవాబు, అడగడానికి మాటలు కుదరక చీటీ చాపింది. ఇది తెలిసేసరికి నీ కథ సగం దాటాలి, అంతకు ముందు చెప్పకు.

కూతురికి ఫోన్ చెయ్యొచ్చు కదా అని పాఠకుడు అడుగుతాడు. చేయించు. ఆ అమ్మాయి పేర్లు చెబుతుంది, సున్నా వారం మాత్రేనని ఖాయం చేస్తుంది. అయినా చేతిలో ఉన్న విడి మాత్రల్లో ఏది ఏదో ఫోన్లో తేలదు. రంగు చూసి చెప్పే ధైర్యం మంచి ఫార్మసిస్టు చెయ్యడు, కంపెనీని బట్టి రంగూ సైజూ మారిపోతాయి. అలాగని కొత్త స్ట్రిప్ ఇచ్చి పంపలేడు, అది డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. అందుకని, "ఇవాళ ఇందులో ఏదీ వేసుకోవద్దు, రేపు ఆసుపత్రి చీటీ పట్టుకుని రా" అంటాడు. ఒక రోజు ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు, తప్పు మాత్ర రోజూ వేసుకుంటే ఉంది. చేతికి ఏమీ ఇవ్వకుండా పంపడం అతనికి కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం రాయి.

పంపేముందు అతను తప్పక అడగాల్సింది ఒకటుంది: "నోట్లో పుండ్లేమైనా ఉన్నాయా? అన్నం తింటుంటే మండుతోందా?" కలిసిపోయిన మాత్రల్లోంచి ఆవిడ ఇప్పటికే కొన్ని వేసుకుని ఉండొచ్చు, ఈ మందు ఎక్కువైతే ముందుగా చెప్పేది చాలాసార్లు నోరే. నోటిపూత అనగానే బి-కాంప్లెక్స్ చేతిలో పెట్టే అలవాటు మన షాపుల్లో ఉంది. ఇక్కడ ఆ అలవాటు ప్రమాదం. ఆవిడ "కారం తగిలితే మంట" అంటే కథ మారిపోతుంది, షట్టర్ సగం దించైనా ఆ రాత్రే ఆవిణ్ణి ఆసుపత్రికి చేర్చి రక్తపరీక్ష చేయించాలి. "లేదు నాయనా" అంటే మర్నాటి దాకా ఆగొచ్చు. ఏ దారిలో వెళ్తావో నీ ఇష్టం. నాకు రెండోదే నచ్చుతుంది, మొదటి దాంట్లో పరుగు ఎక్కువై చీటీ వెనకబడిపోతుంది.

మర్నాటి సన్నివేశం క్లుప్తంగా చాలు. ఆవిడ ఆసుపత్రి చీటీ తెస్తుంది. అతను విడి మాత్రలు పక్కన పెట్టి, చీటీలో ఉన్న రెండు మందులనూ స్ట్రిప్‌లతోనే రెండు కవర్లలో వేసి, ఒకదాని మీద సున్నా, ఇంకోదాని మీద చుక్క పెడతాడు. నొక్కడం రాకపోతే ఏ రోజు మాత్ర ఆ రోజు పక్కింటి పిల్లతో తీయించుకోమంటాడు. తర్వాత "అర్థమైందా?" అని అడక్కుండా, "సంత అయిన మూడో రోజు ఏది వేసుకుంటావు పెద్దమ్మా?" అంటాడు. సరైన జవాబు "ఏదీ వేసుకోను" అన్నది. ఆవిడ మొదటిసారే ఆ మాట అనకుండా చూడు. ఒకసారి తడబడనీ, అతను విసుక్కోకుండా చీటీ తిప్పి మళ్లీ మొదటి గీత మీద వేలు పెట్టనీ.

నీ చివరి పేరా, దండం, కన్నీళ్లు తీసెయ్యి. మిల్లీగ్రాములు కూడా కథలోకి రానివ్వకు, ఎవరైనా చదివి వాడుకోవచ్చు. తిరగరాశాక ముందు మీ వీధి మెడికల్ షాపులో ఫార్మసిస్టుకు చదివి వినిపించు, అతను ఎక్కడ ఆపి "ఇలా చెయ్యం" అంటాడో గుర్తుపెట్టుకుని ఆ ప్రతే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు