షేర్డ్, వీపీఎస్, మేనేజ్డ్: చీరల షాపు అనుభవం

ప్రశ్న: "వరంగల్‌లో మాది చిన్న బట్టల షాపు. వెబ్‌సైట్ పెట్టుకుందామంటే షేర్డ్ హోస్టింగ్, వీపీఎస్, మేనేజ్డ్ అని మూడు చెప్తున్నరు. తేడా ఏంది? నేను ఏది తీసుకోవాలె?"

అన్నా, మాది హనుమకొండలో చీరల షాపు. మూడూ వాడాను కాబట్టి చెప్తున్నా.

సైట్‌ను నడిపే సర్వర్‌ను షాపుకు కరెంటు ఇచ్చే యంత్రం అనుకోండి. షేర్డ్ అంటే కాంప్లెక్సులో షాపులన్నిటికీ కలిపి ఒకే జనరేటర్. వీపీఎస్ అంటే మీ షాపుకే సొంత ఇన్వర్టర్, కానీ బ్యాటరీలో నీళ్లు మీరే పోసుకోవాలి. మేనేజ్డ్ అంటే ఆ ఇన్వర్టర్‌నే వేరేవాళ్లు నెలనెలా డబ్బు తీసుకుని చూసుకోవడం.

మొదట షేర్డ్ తీసుకున్నాం. ఏడాదంతా బాగానే నడిచింది. దసరా ముందు కొత్త స్టాక్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన రాత్రి మాత్రం కొనేవాళ్లకు 508 Resource Limit Is Reached అని వచ్చింది. చీర ఫొటో పేజీని ఒకసారి తయారు చేసి దాచుకుని అందరికీ అదే చూపించొచ్చు. కార్ట్, పేమెంట్ పేజీలు అలా కాదు, ప్రతి మనిషికీ సర్వర్ కొత్తగా తయారు చేయాలి. అలాంటి పనులు ఒకేసారి ఎన్ని నడవొచ్చో షేర్డ్‌లో పరిమితి ఉంటుంది, మా ప్లాన్‌లో అది 20. అంటే సైట్ సరిగ్గా గిరాకీ వచ్చినప్పుడే ఆగుతుంది. హోస్టింగ్ చూసుకోవడానికి cPanel అనే పేజీ ఇచ్చి ఉంటే, అందులో Resource Usage అన్న చోట ఇది కనిపిస్తుంది.

దాంతో మరుసటి ఏడాది మా మేనల్లుడు వీపీఎస్ పెట్టించాడు. అసలు యంత్రం నలుగురిదే అయినా అందులో మనకు కేటాయించిన ర్యామ్, డిస్క్ మనవే. మాది 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్. సైట్ పరుగెత్తింది, నేనూ నిశ్చింతగా ఉన్నా.

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం షాపు నిండా జనం. అప్పుడే కరీంనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి "పైసలు కట్టిన, ఆర్డర్ వచ్చిందా?" అంది. సైట్ తెరిస్తే తెల్లటి పేజీ మీద Error establishing a database connection అని ఒకటే వాక్యం. మేనల్లుడేమో బస్సులో ఉన్నాడు, సిగ్నల్ లేదు. సాయంత్రం ఊరు చేరి ల్యాప్‌టాప్‌లో ఇది కొట్టాడు:

```
df -h
```

డిస్క్ 100% అని చూపించింది. ప్రతి రాత్రీ సైట్ బ్యాకప్ తీసేలా పెట్టాడు, అది మంచిదే. కానీ ఆ కాపీలు అదే డిస్క్‌లో పడుతున్నాయి, పాతవి తీసేసే ఏర్పాటు లేదు. సిస్టమ్, సైట్ కలిపి 8 జీబీ, రోజుకు ఒక కాపీ 1 జీబీ. మిగిలిన 32 జీబీ నెల రోజుల్లోనే నిండిపోయింది. రాసుకోవడానికి చోటు లేక, సైట్ సమాచారమంతా దాచుకునే డేటాబేస్ ఆగిపోయింది. పాత కాపీలు తీసేసి డేటాబేస్ మళ్లీ మొదలుపెడితే పది నిమిషాల్లో సైట్ లేచింది. కానీ పండగ గిరాకీ పోయింది కదా. పేమెంట్ గేట్‌వే లిస్టులో చూస్తే ముగ్గురు డబ్బు కట్టారు, వాళ్ల ఆర్డర్లు సైట్‌లో లేవు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చీర రంగు అడిగి పంపాను. మా మేనల్లుణ్ణి నేను తప్పు పట్టను. వాడికి వేరే ఉద్యోగం ఉంది, రోజూ డిస్క్ చూస్తూ కూర్చోలేడు. రోజూ చూసే మనిషి లేనివాళ్లు వీపీఎస్ జోలికి పోవద్దనే నేనంటాను.

ఇప్పుడు మేనేజ్డ్‌లో ఉన్నాం. షేర్డ్‌కు కట్టినదానికి నాలుగైదు రెట్లు అవుతుంది. సర్వర్ అప్‌డేట్లు, డిస్క్ చూసుకోవడం వాళ్ల పని. రోజూ తీసే బ్యాకప్ వేరే చోట పెడతారు. కానీ మనం వేసుకున్న ప్లగిన్ పాడైతే చాలామంది బాగుచేయరు, కొందరు ఈమెయిల్ సౌకర్యం కూడా ఇవ్వరు. ఇంకోటి, "మేనేజ్డ్" అని రాసి ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే చూసుకునేవాళ్లూ ఉన్నారు. కొనేముందు ఫోన్ చేసి "రాత్రి డేటాబేస్ ఆగితే ఎవరు లేపుతారు? బ్యాకప్ నుంచి సైట్ తిరిగి పెట్టడానికి విడిగా డబ్బు తీసుకుంటారా?" అని సూటిగా అడగండి.

నాకు కోపం తెప్పించేది రేట్ల సంగతి. నెలకు ఇంతే అని పెద్దక్షరాల్లో రాస్తారు, ఆ రేటు కావాలంటే మూడేళ్లది ఒకేసారి కట్టాలి. తర్వాత రెన్యువల్‌కు మూడింతలు అడుగుతారు. రెన్యువల్ రేటు చూసే కొనండి.

మీ సంగతికొస్తే, షాపు అడ్రస్, ఫొటోలు, వాట్సాప్ నంబరు పెట్టి ఆర్డర్లు ఫోన్‌లోనే తీసుకుంటే షేర్డ్ చాలు, ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. సైట్‌లోనే డబ్బు కట్టించుకుంటే మేనేజ్డ్ తీసుకోండి. మారాలనుకుంటే పండగకు కనీసం నెల ముందే మారండి, మీరే ఒక చీర ఆర్డర్ పెట్టి డబ్బు కట్టి చూసుకోండి. డొమైన్, అంటే సైట్ పేరు, మాత్రం ఎవరు సైట్ చేసినా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొనండి. అది మీ చేతిలో ఉంటేనే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఎవర్నీ అడగకుండా మారగలరు.