ఫార్సీ వర్క్‌షీట్‌లో కనిపించని ‘ఎ’ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: “ఫార్సీ కొత్తగా నేర్చుకుంటున్నాను. వర్క్‌షీట్‌లో పదాల మధ్య ‘ఎ’ రాయరు కానీ చదవమంటారు. ఎక్కడ పలకాలో ఎలా తెలుస్తుంది?”

ఆ ‘ఎ’ పేరు ఎజాఫె. దివాన్-ఎ-ఆమ్‌లో మనం పలికేది అదే. హల్లుతో ముగిసే పదం తర్వాత దాన్ని సాధారణంగా రాయరు కాబట్టి అర్థాన్ని బట్టే పట్టుకోవాలి.

తెలుగు వాళ్లకి ఇందులో సగం పని ముందే అయిపోయింది. ఫార్సీలోనూ కర్త, కర్మ, చివర క్రియ. కర్మ తర్వాత వచ్చే ‘రా’ మన ‘ను’ లాంటిదే. తిరగబడేది పదబంధం లోపలే. మనం ‘నా పుస్తకం’ అంటాం, వాళ్లు ‘కెతాబ్-ఎ మన్’ అంటారు. అసలు పదం ముందు, దాని గురించి చెప్పేది వెనక. ఆ రెంటినీ కలిపేదే ఎజాఫె.

నేను వాడే పద్ధతి ఇది. వర్క్‌షీట్‌లో ‘దూస్త్ మన్ కెతాబ్ ఖూబ్ ఖరీద్’ అని ఉందనుకోండి. (మన ‘ఖరీదు’ ఆ చివరి పదం నుంచే వచ్చింది. ఇక్కడ మాత్రం ‘కొన్నాడు’.) ముందు చివరి క్రియని పక్కన పెట్టండి. మిగిలిన ప్రతి జంటనీ తిరగేసి తెలుగులో చదవండి. దూస్త్, మన్: ‘నా స్నేహితుడు’. కుదిరింది, ‘ఎ’ ఉంది. మన్, కెతాబ్: ‘పుస్తకం నేను’. కుదరలేదు, అక్కడ ఆగాలి. కెతాబ్, ఖూబ్: ‘మంచి పుస్తకం’. కుదిరింది. అంటే ‘దూస్త్-ఎ మన్, కెతాబ్-ఎ ఖూబ్ ఖరీద్’.

నేను చాలాకాలం తప్పు చేసింది ‘కెతాబ్ ఖూబ్ అస్త్’ దగ్గర. తిరగేస్తే ‘మంచి పుస్తకం’ కుదురుతోంది కదా అని ‘ఎ’ పెట్టేసి, వర్క్‌షీట్ నిండా ఎర్ర గీతలు తెచ్చుకున్నాను. ఇక్కడ ‘పుస్తకం బాగుంది’ అని చెబుతున్నారు. ‘అస్త్’ ఉన్నప్పుడు రెండో పరీక్ష కూడా చేయాలి: జంటని కలిపేశాక, పుస్తకం గురించి చెప్పడానికి ఇంకేమైనా మిగిలిందా? మిగలకపోతే కలపకూడదు. ‘కెతాబ్-ఎ మన్ ఖూబ్ అస్త్’లో ‘ఖూబ్’ మిగులుతుంది, కాబట్టి మొదటి జంటని కలపవచ్చు.

‘రా’ ముందు ఎప్పుడూ ‘ఎ’ రాదు. ‘ఈన్ కెతాబ్’ (ఈ పుస్తకం), ‘దో కెతాబ్’ (రెండు పుస్తకాలు) మన వరసలోనే ఉంటాయి, వాటి మధ్యా రాదు.

కొన్నిచోట్ల ఎజాఫె కంటికి కనిపిస్తుంది. ‘ఆ’, ‘ఊ’లతో ముగిసే పదం తర్వాత ‘యే’ అక్షరం రాస్తారు: ‘పా-యె మన్’, నా కాలు. ‘ఖానె’ (ఇల్లు) లాంటి పదాల చివరి ‘హే’ మీద చిన్న గుర్తో, పక్కన ‘యే’నో ఉంటుంది. అయితే హల్లు తర్వాత ‘యే’ కనిపిస్తే ఎజాఫె అనుకోకండి. ‘కెతాబీ’ అంటే ‘ఒక పుస్తకం’.